ఆయిలు నిండుగానే ఉంది

మాలకొండయ్యకు మనుషుల మీద పెద్ద ఆశలేమీ లేవు. ఉన్న కాసినీ గోపాలకృష్ణ దగ్గర పనికి చేరాక పోయాయి.

గోపాలకృష్ణకు గుంటూరులో నాలుగు పికప్ బండ్లున్నాయి. ఒక్కటీ నడపడం రాదు. అయినా నాలుగింటినీ ఆయనే తోలతాడు, ఫోన్లోంచి. డ్రైవర్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో వేశాడు. మీటరు మీద ఏ దీపం వెలిగినా ఫోటో తీసి అందులో పెట్టాలన్నది ఆయన చట్టం. ఫోటో పెట్టిన కాసేపటికి ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది. బొటనవేలు వచ్చిందంటే బండి బాగున్నట్టే. బొటనవేలి మీద బండ్లు నడిచే కాలం వస్తుందని, ముప్ఫై నాలుగేళ్లు లారీలు తోలిన మాలకొండయ్య ఏనాడూ అనుకోలేదు.

ఆ బండ్లమీద పెత్తనానికి గోపాలకృష్ణ తన బామ్మర్ది బాబ్జీని పెట్టాడు. బాబ్జీకి ముప్ఫై ఏళ్లుంటాయి. నల్ల కళ్లద్దాలు, చెవిలో ఎప్పుడూ ఏదో ఒక తీగ. ఇంజను గురించి అతనికి తెలిసినదంతా రెండు ముక్కలు, ఆ రెండూ నిరుడు చలికాలంలో నేర్చుకున్నవే.

మొదటిది స్పానరు బొమ్మ దీపం. సర్వీసుకు వేళయిందని గుర్తుచేసేది. బండి ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగిందని లెక్కపెట్టుకుని వెలగడమే దాని పని. ఇంజను లోపల ఏముందో, ఎలా ఉందో దానికి తెలియదు. గోడమీది క్యాలెండరుకు ఇంట్లో వాళ్ల ఒంట్లో ఎలా ఉందో తెలియనట్టే. ఆ దీపం వెలిగితే గోపాలకృష్ణ బండిని షెడ్డుకు పంపలేదు. ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఒక బటను నొక్కిపట్టి తాళం తిప్పితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని అందులో చూపించారు. నొక్కించాడు. దీపం పోయింది. పాత ఆయిలు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ వెలిగితే మళ్లీ నొక్కించాడు. ఇదేమిటని మాలకొండయ్య అడిగితే, చదువుకున్నవాడు చదువురానివాణ్ణి చూసినట్టు నవ్వాడు.

రెండోది పసుపు దీపం. ఆయిలు డబ్బా బొమ్మ, దాని కింద అల. ఇంజనులో ఆయిలు మట్టం తగ్గిందని చెప్పేది అది. అది వెలిగిన రోజు బాబ్జీ పెట్రోలు బంకులో ఒక లీటరు డబ్బా కొని పోశాడు. దీపం పోయింది. ఆ సంగతి నెల రోజులు అందరికీ చెప్పుకున్నాడు, ఆపరేషన్ చేసిన డాక్టరులా.

దాంతో బావాబామ్మర్దులు ఒక శాస్త్రం కనిపెట్టేశారు. దీపాలు వస్తుంటాయి, ఏదో ఒకటి నొక్కితేనో పోస్తేనో పోతుంటాయి, బండి మాత్రం ఆగనక్కర్లేదు.

మార్చి నెల. ఇంకొల్లు దాటాక పొలాల్లోకి దిగిన మట్టిదారి చివర జైనాబీ మిరప కల్లం. జైనాబీ మూడెకరాల కౌలు మిరప తానే చేసింది. యాభై ఏళ్లుంటాయి. సన్నగా, ఎండిన కట్టెలా ఉంటుంది, మాట కూడా అంతే. ఏడాది కష్టమంతా ముప్ఫై అయిదు గోనె టిక్కీల్లో కుట్టి పెట్టుకుంది. వాటిని సాయంత్రంలోగా చిలకలూరిపేట దగ్గర కోల్డ్ స్టోరేజీకి చేర్చాలి. తూర్పున సముద్రం వైపు ఆకాశం పొద్దుటి నుంచీ నల్లబడుతూనే ఉంది. తడిసిన మిరపకాయను కోల్డ్ స్టోరేజీలో దించనివ్వరు. రెండు రోజులు తడిగా ఉంటే బూజు పట్టి నల్లబడుతుంది, తెల్లబారిన తాలుకాయ కన్నా హీనం. ఆమె మాటిమాటికీ పైకి చూస్తోంది. దేవుణ్ణి కాదు, మబ్బునే.

మాలకొండయ్య తోలుకొచ్చిన గోపాలకృష్ణ బండికి లోడెత్తడం మొదలుపెట్టారు. హమాలీలిద్దరు, కోతకు వచ్చిన ఆడవాళ్లు నలుగురు, మాలకొండయ్య. పెత్తనానికి వెంట వచ్చిన బాబ్జీ మాత్రం కేబిన్లో కూర్చుని అద్దాలెత్తుకున్నాడు. మిరప ఘాటుకు దగ్గొస్తుందట. ఏసీ కోసం ఇంజను ఆన్లోనే పెట్టాడు. ఎండలో, కదలకుండా, ముప్పావుగంట.

మోకు తీసుకోవడానికి కేబిన్ తలుపు తీసిన మాలకొండయ్య కళ్లు అలవాటుగా మీటరు మీదికి పోయాయి. ఎర్ర దీపం. ఆయిలు డబ్బా బొమ్మే, ముక్కు నుంచి చుక్క రాలుతున్నట్టు. కింద అల లేదు. మినుకుమినుకుమని కొట్టుకుంటోంది.

చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగింది. ఏసీ ఆగింది. బాబ్జీ చెవిలో తీగ పీకి, ఇల్లు కూలినట్టు చూశాడు.

విషయం చెబితే బాబ్జీ నిమ్మళించాడు. ఆ దీపం తాను ఇందాకే చూశానన్నాడు. యాక్సిలేటరు కొంచెం తొక్కితే పోతోందని, వదిలితే వస్తోందని, కాబట్టి ఏమీ లేదని తేల్చాడు. ఆయిలు తగ్గి ఉంటుంది, దారిలో లీటరు పోద్దాం అన్నాడు.

మాలకొండయ్య బానెట్టు దగ్గరికి నడిచాడు. ఇంజనులో పైకెక్కిన ఆయిలు కిందికి దిగేదాకా పది నిమిషాలు ఊరుకున్నాడు. బానెట్టు ఎత్తి గేజు పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. పుల్ల మీద రెండు గీతలుంటాయి. ఆయిలు పై గీత దాకా ఉంది. నిండుగానే ఉంది.

బాబ్జీ చంకలు గుద్దుకున్నాడు. ఆయిలు నిండుగా ఉన్నప్పుడు ఇక భయమేమిటి, దీపమే పిచ్చిది, సెన్సరు పోయిందన్నాడు.

తక్కువగా ఉంటే బాగుండునని మాలకొండయ్య అనుకున్నాడు. తక్కువైతే పోసి చూడొచ్చు. నిండుగా ఉండి కూడా ఎర్రది వెలిగిందంటే రోగం ఆయిలు పోస్తే పోయేది కాదు. ఆయిలును రెండు వేళ్ల మధ్య రాశాడు. తారులా నల్లగా, జిగురుగా ఉంది. పైన ఆయిలు పోసే మూత విప్పి తిరగేశాడు. మూత అడుగున మసిముద్ద గోరుకు వచ్చేంత మందాన పట్టింది. రెండుసార్లు బటను నొక్కి చెరిపేసిన సర్వీసంతా అక్కడే ఉంది.

బాబ్జీ చట్టప్రకారం ఫోటో తీయబోయాడు. ఇంజను ఆపి ఉంది కదా, తాళం సగానికి తిప్పి, మీటరంతా వెలిగించి, ఒక ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. అందులో ఎర్రది ఒక్కటేమిటి, బ్యాటరీది, హ్యాండ్‌బ్రేకుది, అన్నీ తిరునాళ్లలా వెలుగుతున్నాయి.

బొటనవేలు వచ్చింది. వెంటనే గోపాలకృష్ణ గొంతు కూడా వచ్చింది. తాళం తిప్పితే అన్ని దీపాలూ వెలుగుతాయని, మా ఇంటి కారులో కూడా అంతేనని, ముసలాయన చాదస్తాన్ని పట్టించుకోకుండా లోడు తీసుకుని బయల్దేరమని ఆజ్ఞ.

ఆ మాటలో సగం నిజముంది, అదే మాలకొండయ్యకు ఒళ్లు మండించింది. ఇంజను తిరగనప్పుడు లోపలి ఆయిలు పంపూ తిరగదు. పంపు తిరగకపోతే ప్రెషరు ఉండదు. అప్పుడా దీపం వెలిగి తీరాలి, వెలగకపోతేనే తప్పు. ఇంజను స్టార్టయ్యాక రెండు మూడు సెకన్లలో అది ఆరిపోవాలి. ఆరిపోయి, మళ్లీ స్టార్టులో ఉండగా వెలిగిందంటే మాత్రం బండి మాట్లాడుతున్నట్టు. వెలగాల్సినప్పుడు తీసిన ఫోటో చూసి, వెలగకూడని దీపానికి సర్టిఫికెట్ ఇచ్చినవాడికి ఏమని చెప్పాలి.

హమాలీలు చివరి టిక్కీ ఎక్కించి, కూలి తీసుకుని, ఇంకో కల్లానికి వెళ్లిపోయారు. జైనాబీ దగ్గరకొచ్చింది.

"ఏంటన్నా ఆపారు? మబ్బు చూడు."

"ఈ బండి పేటదాకా రాదమ్మా. దించాలి."

ఆమె లోడెత్తిన బండిని చూసింది. ఇప్పుడేగా ఎక్కించింది, దించితే ఎవరు మోస్తారు, ఇంకో బండి ఎక్కడుంది అని అడిగింది. ఆమె అడిగేవన్నీ న్యాయమైనవే. బాబ్జీ మధ్యలో దూరాడు. బాబాయ్‌కి వయసైపోయిందని, సెన్సరు చిన్న వైరు పనని, ఆయిలు నిండుగా ఉందని ఆయనే పుల్ల ముంచి చూశాడని, కావాలంటే అడగమని అన్నాడు.

"ఆయిలు నిండుగా ఉందా?" అని ఆమె మాలకొండయ్యనే అడిగింది.

"నిండుగానే ఉంది."

"మరింకేం?"

మాలకొండయ్య చుట్టూ చూశాడు. వాగు గట్టున ఆమె ఆయిలింజను కనిపించింది, పైపు నీళ్లలోకి దిగి ఉంది. మూడెకరాలకూ నీళ్లు దాంతోనే పెట్టింది.

"సంక్రాంతి ముందు నేను ఎరువు లోడుతో వచ్చినప్పుడు నీ ఇంజను నీళ్లెత్తడం మానేసింది గుర్తుందా? అప్పుడు వాగులో నీళ్లు లేవా?"

"నిండుగా ఉన్నాయి. ఫుట్‌వాల్వుకు నాచు పట్టింది. నేనే దిగి పీకాను."

"ఇదీ అంతే. అడుగున ఆయిలు వాగంత ఉంది. దాన్ని పీల్చే జల్లెడకు మడ్డి పట్టింది. పైకి ఎక్కట్లేదు. ఆ పసుపు దీపం వాగులో నీళ్లెన్నో చెబుద్ది. ఈ ఎర్రది చేలోకి నీళ్లొస్తున్నాయా లేదా అని చెబుద్ది. నీళ్లు రాకపోతే నీ చేను వారం ఆగింది. ఇంజను అలా ఓర్చుకోదు. లోపలి ఇనుము ఇనుముతో రాసుకుని నిమిషాల్లో పట్టేస్తది."

జైనాబీ బాబ్జీని చూసింది. తొక్కితే దీపం పోతోందంటున్నాడుగా అని అడిగింది. తొక్కితే పంపు వడిగా తిరుగుతుంది, ఆ వడికి కాస్త ఎక్కుతుంది, నీ ఇంజను కూడా రేసు పెంచితే నాలుగు చుక్కలు విదిల్చింది కదా అన్నాడు మాలకొండయ్య. వేడెక్కి పలచబడ్డ ఆయిలు, బరువు, ఊళ్ల సెంటర్లలో ఆగడం, వాగు వంతెన ఎక్కడం. ఎక్కడో ఒకచోట ఆ నాలుగు చుక్కలూ ఆగుతాయి. అప్పుడు ముప్ఫై అయిదు టిక్కీలూ నడిరోడ్డు మీద, పైన వాన.

సెన్సరు పోయిందేమోనన్న మాటను ఆయన కొట్టిపారేయలేదు. పోయి ఉండొచ్చు, అలా పోయిన బండ్లను చూశానన్నాడు. కానీ ఆ సెన్సరు విప్పి, అక్కడ ప్రెషరు కొలిచే మీటరు బిగించి, ముల్లు ఎక్కడ నిలుస్తుందో కంటితో చూసినవాడు ఆ మాట అనాలి. ఏసీలో కూర్చున్నవాడు కాదు.

"నీ మాట తప్పయితే?" అంది జైనాబీ.

"తప్పయితే నీకు రెండు గంటలు దండగ, నాకు ఉద్యోగం దండగ."

ఆమె ఒకసారి మబ్బును చూసింది. తర్వాత చీర చెంగు నడుముకు దోపి, బండి వెనక తలుపు గొళ్లెం తానే తీసింది. ఆడవాళ్లను పిలిచి, దించండే అంది. వాళ్లు తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే దించారు. ఒకావిడ మాలకొండయ్య వంశంలో మూడు తరాలను పేరుపేరునా తలుచుకుంది. ఆయన పట్టించుకోలేదు, ఆవిడ టిక్కీ రెండో కొస ఆయన వీపు మీదే ఉంది. కల్లంలో ఎత్తుగా ఉన్నచోట పేర్చి, ఉన్న రెండు టార్పాలిన్ బరకాలూ కప్పారు. రెండూ పాతవే, ఒకదానికి మూల చిరిగింది. జైనాబీ తన తమ్ముడు హయాత్‌కు ఫోన్ చేసింది. హయాత్ తన సొంత కాయలు తోలుకుంటున్నాడు. ట్రాక్టరు ఖాళీ చేసుకుని రావడానికి గంటన్నర పడుతుందన్నాడు.

ఈలోగా గోపాలకృష్ణ గొంతు మళ్లీ వచ్చింది. లోడు వద్దంటే పోనీ, దారిలో ఇంకో ఊళ్లో పత్తి బేరం ఉంది, బండి అటు తిప్పమన్నాడు. ముసలాయన్ని అక్కడే దించేయమన్నాడు, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు.

బాబ్జీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. మాలకొండయ్య తలుపు దగ్గరకు వెళ్లి, "వద్దురా" అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

రెండోసారి చెప్పే అలవాటు ఆయనకు లేదు. చెప్పించుకునే అలవాటూ ఒకప్పుడు లేదు. నాలుగేళ్ల కింద భార్య వెంకాయమ్మ ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పింది. ఆదోని పత్తి లోడు దించి వస్తానన్నాడు. ఆవిడ కూడా రెండోసారి చెప్పలేదు. లోడు దించి వచ్చాడు. ఇంటిముందు నిప్పు రాజేసి, కుర్చీలు వేసి ఉన్నాయి. బండి ఏ చిన్న చప్పుడు చేసినా దిగి చూసే మనిషి, ఇంట్లో మనిషి చెప్పినదాన్ని తిరుగు ప్రయాణానికి వాయిదా వేశాడు. గోపాలకృష్ణ మీద, బాబ్జీ మీద ఆయనకున్న అసహ్యం ఊరికే పుట్టింది కాదు. ఆ జాతిని ఆయన అద్దంలో చూశాడు.

బాబ్జీ స్టార్టు చేసి రేసు పెంచాడు. దీపం ఆరింది. చూశావా బాబాయ్ అన్నట్టు కళ్లద్దాల మీదుగా ఒక చూపు చూసి, దుమ్ము లేపుకుంటూ పోయాడు.

హయాత్ ట్రాక్టరు వచ్చేసరికి మూడు దాటింది. ఎక్కించడం సగంలో ఉండగా చినుకు మొదలైంది. బరకాలు ట్రాక్టరు ట్రక్కు మీదికి మార్చేటప్పుడు, అడుగున మిగిలిన మూడు టిక్కీలు తడిశాయి. చిరిగిన మూల కింద ఉన్నవి. జైనాబీ ఆ మూడింటి మీద చెయ్యి వేసి చూసి, పక్కకు లాగించింది. ఏడవలేదు. మాలకొండయ్యను ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకు బరువైంది. ఆ బండి మంచిదైతే ఈపాటికి ఈ మూడూ పొడిగా చేరేవి.

మిగతా ముప్ఫై రెండింటినీ కట్టి బయల్దేరారు. బరకం గాలికి లేవకుండా మాలకొండయ్య వెనక దానిమీద కూర్చున్నాడు. జైనాబీ తమ్ముడి పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంది.

రోడ్డెక్కి నాలుగు కిలోమీటర్లు పోయాక, వాగు వంతెన మధ్యలో తెల్ల పికప్ అడ్డంగా ఆగి ఉంది. బానెట్టు లేపి ఉంది. బాబ్జీ తడుస్తూ పక్కన నిలబడ్డాడు, కళ్లద్దాలు జేబులో ఉన్నాయి. ట్రాక్టరు పట్టేంత సందు ఉంది. హయాత్ నెమ్మది చేశాడు.

అడగకుండానే బాబ్జీ చెప్పాడు. రోడ్డెక్కాక దీపం ఆరకుండా నిలబడిపోయింది. తొక్కినా పోలేదు. పోతుందిలే అనుకున్నాడు. వంతెన ఎక్కుతుంటే లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడొచ్చింది. ఇంకొంచెం దూరం పోతే ఊరొస్తుందని తొక్కాడు. ఒక్కసారిగా పట్టేసింది. ఇప్పుడు తాళం తిప్పితే టక్కుమంటోంది, తిరగడం లేదు.

మాలకొండయ్య దిగి బానెట్టులోకి వంగి చూశాడు. కాలిన వాసన. చూడాల్సింది ఇంకేమీ లేదు. అలవాటు కొద్దీ పుల్ల లాగాడు. ఆయిలు పై గీత దాకా, కల్లంలో ఉన్నంతే ఉంది.

ఏం చెయ్యాలో తోచక బాబ్జీ తనకు తెలిసినదే చేశాడు. తాళం సగానికి తిప్పి, మీటరు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. బ్యాటరీది, హ్యాండ్‌బ్రేకుది, ఆయిలు ప్రెషరుది, అన్నీ వెలుగుతున్నాయి. కల్లంలో తీసిన ఫోటో పక్కన పెడితే ఏది బతికున్న ఇంజనో ఏది చచ్చిన ఇంజనో పోల్చలేరు.

ఫోను మోగింది. బొటనవేలు.

బాబ్జీ ఆ బొటనవేలును చాలాసేపు చూశాడు. తర్వాత మాలకొండయ్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"బాబాయ్, దీపం ఏమీ వెలగలేదని చెబుదాం. ఉన్నపళాన పట్టేసిందని. నువ్వు కూడా అంటే బావ నమ్ముతాడు. నీ పని నీకు ఉండేలా నేను చూస్తా."

వాన బలం పుంజుకుంది. ట్రక్కు మీద బరకం టపటపా కొట్టుకుంటోంది. జైనాబీ వెనక్కి తిరిగి చూస్తోంది.

"వెలిగిందిరా" అన్నాడు మాలకొండయ్య. "ఎవరడిగినా అదే చెబుతా."

బండిని తాడు కట్టి లాగమని బాబ్జీ హయాత్‌ను అడిగాడు. హయాత్ అక్కవైపు చూశాడు. తన కాయలు దిగాక చూద్దామంది జైనాబీ. చూద్దామన్న మాటను ఆమె ఎంత పొడిగా అందంటే, అది ఇవాళ కాదని బాబ్జీకి కూడా అర్థమైంది.

మాలకొండయ్య మళ్లీ ట్రక్కెక్కి బరకం కొసను కాళ్లకింద తొక్కిపట్టాడు. ట్రాక్టరు వంతెన దిగింది. ఆయన వెనక్కి చూడలేదు. ముప్ఫై రెండు టిక్కీలు పొడిగా ఉన్నాయి. మిగతా మూడింటి సంగతి రేపు ఎండ వస్తే తెలుస్తుంది.